మడతలో పోయిన ఎమ్మార్పీ: బిల్లు ఫోటో నుంచి అసలు ధరను వెనక్కి రాబట్టడం

ప్రశ్న: నమస్కారం అండి. మా అబ్బాయికి కొన్న చొక్కా బిల్లు ఫోటో పెడుతున్నాను. ఎమ్మార్పీ ఉన్న చోట కాగితం మడత పడి అంకెలు పోయాయి. 40 శాతం తగ్గింపు, ఆపైన ఇంకో 10 శాతం అని ఉంది, కట్టింది 1,134 రూపాయలు. మొత్తం 50 శాతం పోయింది కాబట్టి ఎమ్మార్పీ 2,268 ఉండాలని నా లెక్క, షాపులో అడిగితే 2,100 అంటున్నారు. పైగా 1,134లో 5 శాతం 56.70 కదా, బిల్లులో జీఎస్టీ 54 అనే ఉంది. తప్పు ఎవరిది? సైజు సరిపోలేదు, మార్చుకోవాలి, అందుకే అడుగుతున్నాను.

జవాబు:

షాపువారు చెప్పిన 2,100 సరైనదేనండి. బిల్లులో ఉన్న 54 రూపాయల జీఎస్టీ కూడా సరైనదే. చాలా ఏళ్లుగా బట్టల దుకాణాల పద్దులు చూస్తున్న నాకు ఇటువంటి బిల్లులు తరచుగా ఎదురవుతుంటాయి. మీ రెండు సందేహాలూ పైకి వేర్వేరుగా కనిపిస్తున్నా వాటి మూలం ఒకటే. శాతం అనే మాట ఒంటరిగా నిలబడదు. అది దేనిలో శాతమో తేలితేనే దానికి విలువ వస్తుంది. మీ బిల్లులో 40 శాతం ఒక మొత్తం మీద, 10 శాతం ఇంకొక మొత్తం మీద, 5 శాతం మరొక మొత్తం మీద లెక్కకట్టారు. మీరు 40నీ 10నీ కలిపి ఒకే మొత్తం మీద, 5ను పన్ను కలిసిన మొత్తం మీద వేసి చూశారు.

ముందు తగ్గింపుల సంగతి చూద్దాం. ఎమ్మార్పీని 100 అనుకుంటే మొదటి తగ్గింపులో 40 పోయి 60 మిగులుతుంది. రెండవ తగ్గింపు "ఆపైన ఇంకో 10 శాతం" కాబట్టి అది ఈ 60 మీద పడుతుంది. 60లో 10 శాతం అంటే 6 మాత్రమే. మిగిలింది 54. అంటే 100లో మొత్తం తగ్గినది 46 గాని 50 కాదు. మీరు ఊహించిన 50కి, నిజంగా తగ్గిన 46కి మధ్య ఉన్న ఆ 4 ఎక్కడికి పోయిందంటే, మొదటి దఫాలోనే తీసేసిన 40 మీద రెండవసారి 10 శాతం తీయడానికి అక్కడ ఏమీ మిగిలి లేదు. 2,100 మీద ఆ 4 శాతం విలువ 84 రూపాయలు. నిజంగా 50 శాతం తగ్గించి ఉంటే మీరు 1,050 కట్టేవారు, 1,134 కట్టారు, తేడా సరిగ్గా 84. "ఫ్లాట్ 50" అని రాయకుండా "40 ప్లస్ 10" అని ఎందుకు రాస్తారో దీన్నిబట్టి మీకు అర్థమవుతుంది. అందులో మోసం లేదు, కానీ ఆ ప్లస్ గుర్తును కూడికగా చదివితే నష్టం మనదే.

ఇలాంటి వరుస తగ్గింపులను తీసివేతలుగా కాక గుణకాలుగా రాసుకోవడం మంచిది. 40 శాతం తగ్గింపు అంటే 0.60 తో గుణించడం, 10 శాతం తగ్గింపు అంటే 0.90 తో గుణించడం. రెండూ కలిసి 0.60 × 0.90 = 0.54. ఎమ్మార్పీని 0.54 తో గుణిస్తే మీరు కట్టినది వస్తుంది. కాబట్టి మీరు కట్టినదాన్ని 0.54 తో భాగిస్తే ఎమ్మార్పీ వస్తుంది.

1134 ÷ 0.54 = 2100

ముందుకు వచ్చి సరిచూసుకోండి. 2,100లో 40 శాతం 840, మిగిలింది 1,260. అందులో 10 శాతం 126, మిగిలింది 1,134. మీరు వేసిన 2,268ను కూడా ఇదే దారిలో నడిపించి చూస్తే మొదట 1,360.80, తరువాత 1,224.72 వస్తుంది గాని 1,134 రాదు. వెనక్కి కట్టిన జవాబు తప్పో ఒప్పో తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

వెనక్కి వెళ్లేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు మీరు చేసినది కాదు, ఇంకొకటి ఉంది. 46 శాతం తగ్గిందని సరిగ్గానే తెలుసుకుని, కట్టిన 1,134కు అందులోని 46 శాతాన్ని కలుపుతారు. అప్పుడు 1,655.64 వస్తుంది, అది ఏ ధరా కాదు. తగ్గిన 46 శాతం 2,100లో 46 శాతం, కలిపిన 46 శాతం 1,134లో 46 శాతం. తగ్గిన మొత్తం 966 రూపాయలు. అదే 966ను 1,134తో పోల్చి చూస్తే సుమారు 85.19 శాతం అవుతుంది. దిగేటప్పుడు 46 అయిన మెట్టు ఎక్కేటప్పుడు 85 అవుతుంది కాబట్టి, వెనక్కి వెళ్లడానికి శాతాన్ని కలపడం మానేసి గుణకంతో భాగించడమే అలవాటు చేసుకోవాలి.

షాపువారు 10 శాతాన్ని ముందు తీసి 40 శాతాన్ని తరువాత తీసినా మీరు కట్టేది మారదు. 2,100లో 210 పోతే 1,890, అందులో 756 పోతే మళ్లీ 1,134. అయితే బిల్లులో తగ్గింపు గడులు మాత్రం మారతాయి: ఒక పద్ధతిలో 840, 126 అని, మరొక పద్ధతిలో 210, 756 అని పడతాయి. మీ ఫోటోలో మడత కింద సగం కనిపిస్తున్న గడి చివర "26" లాగా ఉంది. అది 126 అయితే మొదటి పద్ధతే వాడారని తెలుస్తుంది, లెక్క కూడా కుదురుతుంది.

ఇక పన్ను. ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర. ప్యాకేజీ వస్తువులకు సంబంధించిన 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనలు దాన్ని అలాగే నిర్వచిస్తాయి. కాబట్టి ఎమ్మార్పీ నుంచి తగ్గించుకుంటూ వచ్చిన 1,134లో జీఎస్టీ ఇప్పటికే కలిసి ఉంది. పన్ను వేసింది 1,134 మీద కాదు, పన్ను కలవక ముందున్న విలువ మీద. ఆ విలువకు 5 శాతం చేరిస్తే 1,134 అయింది; అంటే ఆ విలువను 1.05 తో గుణించారు. వెనక్కి రావాలంటే 1.05 తో భాగించాలి.

1134 ÷ 1.05 = 1080

1,080లో 5 శాతం 54. అందులో సగం 27 కేంద్రానికి సీజీఎస్టీగా, సగం 27 రాష్ట్రానికి ఎస్జీఎస్టీగా వెళుతుంది. మీ ఫోటోలో ఈ రెండు 27లూ స్పష్టంగానే కనిపిస్తున్నాయి. మీరు లెక్క వేసిన 56.70కి, అసలు 54కి మధ్య తేడా 2.70, ఆ 2.70 సరిగ్గా 54లో 5 శాతం. పన్ను మీద మళ్లీ పన్ను లెక్కకట్టారన్నమాట. 1,134 నుంచి 56.70 తీసేస్తే 1,077.30 మిగులుతుంది, దానికి 5 శాతం కలిపితే 1,131.17 దగ్గర ఆగిపోతుంది, 1,134 చేరదు. ఆ చేరకపోవడమే పొరపాటుకు రుజువు.

ఇక్కడ ఒక చిన్న ఉపాయం చెబుతాను, లెక్కలు రాసేవారు దీన్ని నోటితోనే వాడతారు. 5 శాతం పన్ను అంటే అసలు విలువ 20 భాగాలైతే పన్ను 1 భాగం. రెండూ కలిసి 21 భాగాలు. కాబట్టి పన్ను కలిసిన ఏ మొత్తాన్నైనా 21తో భాగిస్తే అందులో ఉన్న పన్ను వచ్చేస్తుంది. 1134 ÷ 21 = 54. ఈ ఉపాయం ఫోటో బిల్లుల్లో ఇంకొక పనికి కూడా వస్తుంది. దుకాణాల్లో వాడే థర్మల్ కాగితం వేడికి, చేతి తడికి త్వరగా మాసిపోతుంది; ఫోటోలో 3ను 8గా, 0ను 6గా చదవడం మామూలే. మీరు కట్టినదాన్ని నేను మొదట 1,184 అనే చదివాను. 1,184ను 21తో భాగిస్తే 56.38 వస్తుంది, బిల్లులో ఉన్న రెండు 27లతో అది కుదరదు. అప్పుడు ఫోటోను పెద్దది చేసి చూస్తే 1,134 అని తేలింది. ఒక అంకె మీద అనుమానం వచ్చినప్పుడు దాన్నే గుచ్చి గుచ్చి చూడడం కంటే, దానితో లెక్క ప్రకారం ముడిపడి ఉన్న పక్క గడిని చూడడం మేలు.

మీ బిల్లులో మడత పడిన చోట నిజానికి ఏ అంకె ఉందో కూడా ఒకసారి ఆలోచించాలి. కొన్ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు వస్తువు వరుసలో ఎమ్మార్పీకి బదులు పన్ను లేని రేటును ముద్రిస్తాయి. మీ చొక్కాకు ఆ రేటు 2100 ÷ 1.05 = 2,000 అవుతుంది. 2,000లో 40 శాతం పోతే 1,200, అందులో 10 శాతం పోతే 1,080, దానికి 5 శాతం కలిపితే మళ్లీ 1,134. పన్ను ముందు తీసి తగ్గింపులు తరువాత లెక్కకట్టినా, తగ్గింపులు ముందు వేసి పన్ను చివర తీసినా ఒకే చోటికి రావడానికి కారణం అన్నీ గుణకాలే కావడం. జీఎస్టీ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, అమ్మే సమయంలోనే ఇచ్చి బిల్లులో చూపిన తగ్గింపును తీసేసిన తరువాతే పన్ను విలువ కడతారు కాబట్టి చట్టానికీ ఈ లెక్కకూ పేచీ లేదు. మీరు మడత తెరిచి చూసినప్పుడు 2,000 అని కనిపిస్తే మాత్రం షాపువారు 100 పెంచి చెప్పారని కంగారుపడకండి. ఆ గడి పైన "రేటు" అని ఉందో "ఎమ్మార్పీ" అని ఉందో చూడండి. తగ్గింపు గడిలో 126 అన్న అంకె నిజమే అయితే, మీ బిల్లు ఎమ్మార్పీ మీదనే నడిచింది. రేటు మీద నడిచి ఉంటే అక్కడ 120 ఉండేది.

పైసలు సవరించడం వల్ల వెనక్కి కట్టిన ధర కొంచెం అటూ ఇటూ కావచ్చని ఎవరైనా అనవచ్చు, ఆ మాట నిజమే. బిల్లు చివర దగ్గరి రూపాయికి సవరించారనుకుంటే 1,134 అన్నది 1,133.50కి, 1,134.50కి మధ్య ఎక్కడైనా ఉండి ఉండవచ్చు. ఆ రెండు అంచులనూ 0.54తో భాగిస్తే 2,099.07, 2,100.93 వస్తాయి. ఆ మధ్యలో పైసలు లేని ధర ఒక్కటే ఉంది, అది 2,100. బట్టల ధరలు 99తో ముగియడం అలవాటు కాబట్టి 2,099 అయి ఉండవచ్చా అని నేను కూడా చూశాను, 2,099కి 1,133.46 వస్తుంది, దాన్ని సవరిస్తే 1,133 అవుతుంది. కాబట్టి ఆ అనుమానం కూడా తీరిపోయింది.

ఇంతవరకూ నేను 5 శాతాన్ని ప్రశ్నించకుండా తీసుకున్నాను, ఎందుకంటే మీ బిల్లులోని గడులే దాన్ని చూపిస్తున్నాయి. పన్ను గడి కూడా చెరిగిపోయిన బిల్లు అయితే తేదీ చూడకుండా లెక్క మొదలుపెట్టకూడదు. 2025 సెప్టెంబరు 22కు ముందు, కుట్టిన బట్టల్లో ఒక్కొక్కటి 1,000 రూపాయల విలువ దాటితే 12 శాతం, అంతలోపు అయితే 5 శాతం పన్ను ఉండేది. ఆ రోజు నుంచి హద్దు 2,500కు పెరిగింది. అంతలోపు 5 శాతం, దాటితే 18 శాతం. మీ చొక్కానే ఆ తేదీకి ముందు అదే 1,134కు కొని ఉంటే పన్ను లేని విలువ 1134 ÷ 1.12 = 1,012.50, పన్ను 121.50 అయ్యేది. కట్టిన డబ్బు ఒకటే, తగ్గింపులు అవే, ఎమ్మార్పీ కూడా అదే 2,100. లోపల పన్ను మాత్రం రెట్టింపు కంటే ఎక్కువ. పాత బిల్లును, కొత్త బిల్లును పక్కపక్కన పెట్టి దుకాణం తప్పు చేసిందని వాదించినవారిని నేను చూశాను.

సందర్భం వచ్చింది కాబట్టి ఇది కూడా చెబుతాను. 12 శాతం పన్ను 5 శాతానికి తగ్గింది కాబట్టి ధర 7 శాతం తగ్గాలని చాలామంది లెక్క వేశారు. పన్ను లేని 1,012.50 విలువ మారకపోతే, 1,134 ఉన్న ధర 1,063.13కి దిగుతుంది, తగ్గినది 70.87, అంటే పాత ధరలో 6.25 శాతమే. 7 శాతం తగ్గింది పన్ను లేని విలువ మీద; మనం పోల్చుకునేది పన్ను కలిసిన ధరతో. 7ను 112తో భాగిస్తే వచ్చేది 6.25 శాతమే. మీ 56.70 పొరపాటుకు ఇది తోబుట్టువు లాంటిది.

ఈ హద్దు ఉన్న చోట వెనక్కి కట్టే లెక్కకు ఒక పరిమితి ఏర్పడుతుంది, దాన్ని పాఠ్యపుస్తకాల్లో చెప్పరు. పన్ను లేని విలువ 2,500 ఉంటే 5 శాతంతో ధర 2,625 అవుతుంది. విలువ 2,501 అయితే 18 శాతం పడి ధర ఒక్కసారిగా 2,951.18కి ఎగురుతుంది. కాబట్టి పన్ను లేని విలువ నుంచి మొదలుపెట్టి లెక్క కట్టిన ఒక్క వస్త్రానికి 2,625, 2,950 మధ్య ధర రానే రాదు. ఉదాహరణకు 5,000 ఎమ్మార్పీ ఉన్న కోటుకు మీ తగ్గింపులే ఇస్తే 2,700 అవుతుంది. దాన్ని 1.05తో భాగిస్తే 2,571.43 వస్తుంది, అది 2,500 దాటింది కాబట్టి 5 శాతం చెల్లదు. 1.18తో భాగిస్తే 2,288.14 వస్తుంది, అది 2,500 లోపు కాబట్టి 18 శాతం చెల్లదు. ఏ దారిలో వెళ్లినా లెక్క తనను తానే కాదంటుంది. ఫోటోలో ఇటువంటి ధర కనిపిస్తే ముందుగా అది ఒక్క వస్త్రానిదేనా, రెండు కలిసిన మొత్తమా అని చూడాలి. ఒక్కదానిదే అయితే రేటును ఊహించకుండా బిల్లులో ముద్రించిన పన్ను గడినే ఆధారంగా తీసుకోవాలి.

వెనక్కి వెళ్లే దారిలో గుణకాల వరుస పట్టించుకోనక్కర లేదని పైన చెప్పాను గాని, రూపాయల్లో ఇచ్చే కూపన్ ఉంటే ఆ మాట వర్తించదు. మీకు 200 రూపాయల కూపన్ కూడా ఉందనుకోండి. దాన్ని చివర వాడితే మీరు కట్టేది 934. రెండు తగ్గింపుల మధ్యలో వాడితే 954. మొదటే 2,100 నుంచి తీసేస్తే 1,026. ఒకే కూపన్‌కు మూడు ఫలితాలు. వెనక్కి వచ్చేటప్పుడు చివర చేసినదాన్ని ముందు విప్పాలి: 934కు 200 కలిపి 1,134 చేసి, ఆ తరువాతే 0.54తో భాగించాలి. అలా కాక ముందు భాగించి తరువాత 200 కలిపితే 1,929.63 అనే అర్థం లేని ధర వస్తుంది. కూపన్‌ను ధరలో తగ్గించారో, లేక నగదులాగా చెల్లింపు కింద చూపారో తెలియకపోతే పన్ను గడే చెబుతుంది. ధరలో తగ్గించి ఉంటే 934ను 21తో భాగించగా వచ్చే 44.48 పన్నుగా ఉంటుంది; చెల్లింపు కింద చూపితే పన్ను 54గానే ఉండిపోతుంది. మీ బిల్లులో కూపన్ లేదు కాబట్టి ఈ చిక్కు మీకు లేదు.

చొక్కా మార్చుకునే విషయంలో, మీ పేరున జమ అయ్యేది మీరు కట్టిన 1,134 గాని ఎమ్మార్పీ 2,100 కాదు. అదే చొక్కా పెద్ద సైజు అదే ఎమ్మార్పీకి ఉంటే పైన కట్టాల్సింది ఏమీ ఉండదు. 2,400 ఎమ్మార్పీ ఉన్న ఇంకొక చొక్కా తీసుకుంటే, తగ్గింపులు ఇంకా నడుస్తున్న పక్షంలో దాని ధర 1,296. మీరు కలపాల్సింది 162. ఎమ్మార్పీల మధ్య తేడా 300 కదా అని కౌంటరులో 300 అడిగితే, ఆ 300 మీద కూడా అవే రెండు తగ్గింపులు వర్తిస్తాయని, 300 × 0.54 = 162 అని చూపించండి. తగ్గింపుల గడువు ముగిసి ఉంటే మాత్రం కొత్త చొక్కాకు పూర్తి 2,400 లెక్కకట్టి 1,266 అడిగే అవకాశం ఉంది. కాబట్టి వెళ్లేముందు ఆఫర్ చివరి తేదీని, బిల్లు వెనుక ముద్రించిన మార్పిడి షరతులను చదువుకుని వెళ్లండి.